గేమ్ మిషనుకు కప్పిన బొంత

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి వెనక సందులో నాకో రిపేరు షాపు ఉండేది. టీవీలు, సెల్‌ఫోన్లు, పిల్లలాడుకునే గేమ్ మిషన్లు, ఏదొస్తే అది విప్పేదాన్ని. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, చేరిన ప్రతి ఉద్యోగంలోనూ పైవాళ్లతో పోట్లాడి బయటికొచ్చి, చివరికి సొంతంగా పెట్టుకున్న షాపు అది. మా అమ్మ క్రిస్టియన్ మిషన్ స్కూల్లో టీచరు. "నీ చేతిలో ఉండే పనితనం నోట్లో కూడా ఉండింటే ఈపాటికి పెద్దాఫీసరువై ఉందువు" అని రోజూ సణిగేది. నా నోరు నాకు తెలుసు. షాపుకొచ్చినవాళ్లు అబద్ధం చెబితే దానికి ఆగడం రాదు.

ఎలక్షన్లు దగ్గర పడుతున్న రోజులు. మండిపోతున్న ఒక మధ్యాహ్నం మా సందులోకి ఒక తెల్లటి పెద్ద బండి వచ్చి, ముందుకు పోలేక, వెనక్కి తిరగలేక, నా షాపు ముందరే ఆగింది. అప్పట్లో మా పక్క అలాంటి బండి, అందులో ఫ్యాక్షన్ మనుషులు కనబడితే ఎదురింటివాళ్లు కూడా పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్లు. పక్కనున్న టైలరు మిషను తొక్కడం ఆపేశాడు. బండిలోంచి ఒక మీసాలాయన దిగాడు. చేతిలో తువ్వాలు చుట్టిన మూట ఒకటి. దాన్ని చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని లోపలికొచ్చి, నా బల్ల మీద మెల్లగా పెట్టాడు.

"అక్కా, ఇది శానా అరుస్తాండాది. అరిసి అరిసి బిగుసుకపోతాండాది" అన్నాడు.

తువ్వాలు విప్పితే లోపల గేమ్ మిషను. నాకు నవ్వొచ్చింది కానీ ఆయన మీసాలు చూసి మింగేశాను. కరెంటిచ్చి, మా షాపు టీవీకి తగిలించి, ఒక ఆట పెట్టాను. కాసేపటికే లోపలి ఫ్యాను పిండిమిల్లులా గోల పెట్టింది. ఇంకాసేపటికి తెర మీద బొమ్మ ఉన్నది ఉన్నట్టే నిలిచిపోయింది. బటన్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. వెనక గాలి బయటికొచ్చే సందుల దగ్గర చెయ్యి పెడితే గాలే తగల్లేదు. డబ్బా మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది.

విప్పి చూద్దును గదా, జమ్మలమడుగు పక్క దుమ్మంతా అందులోనే ఉంది. నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల దగ్గర ఊళ్లలో గాలి నిండా బూడిదరంగు పొడి ఉంటుంది. అది ఫ్యాను రెక్కలకు పేరుకుని, వేడిని బయటికి లాగే సన్నని రేకుల మధ్య మేకు దిగనంత గట్టిగా కూరుకుపోయింది. చిప్పు మీద రాసే పేస్టు ఎండి పెంకు కట్టింది. లోపల పుట్టిన వేడి పోయే దారి లేదు. ఫ్యాను మాత్రం ఏం చేస్తుంది పాపం, తిరగ్గలిగినంతా తిరిగి అరుస్తుంది. ఇక తన వల్ల కానప్పుడు మిషను బిగుసుకుపోతుంది.

మీసాలాయన చూస్తుండగానే ఫ్యాను విడిగా తీసి, రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకుని, బ్రష్షుతో, బ్లోయరుతో దులిపాను. రేకుల మధ్య దుమ్ము సూదితో పెకలించాను. పాత పేస్టు స్పిరిటుతో తుడిచి కొత్తది రాశాను. మళ్లీ బిగించి ఆట పెడితే ఫ్యాను ఉందో లేదో అన్నట్టుంది. సాయంత్రం దాకా ఆడించినా బిగుసుకోలేదు. మధ్యలో టీవీ వైరు కాస్త కదిలినప్పుడు మాత్రం బొమ్మ ఒక్కసారి పోయి వచ్చింది. ఆ వైరు దూర్చే పోర్టులోకి లెన్సు పెట్టి చూస్తే లోపలి ప్లాస్టిక్ నాలుక కొసన చితికి ఉంది.

"ఈ పోర్టు దెబ్బ తినుండాదప్పా. మార్చేదాకా వైరు పట్టుకుని గుంజగాకండి. మిషను కూడా గాలి తగిలే చోట పెట్టండి" అన్నాను.

"అట్లే అక్కా" అని మళ్లీ తువ్వాలు చుట్టుకుని వెళ్లిపోయాడు. అట్లే అన్నవాడు ఎవడూ అట్లే చెయ్యడని నాకు తెలుసు, అయినా నమ్మాను.

వారం తిరిగిందో లేదో అదే బండి, అదే మనిషి. ఈసారి తెర మీద బొమ్మే రాలేదు. పోర్టులోని నాలుక సగానికి విరిగిపోయింది, పిన్నులు ఒకదాని మీదికొకటి ఒరిగిపోయాయి. విప్పి చూస్తే ఫ్యాను నిండా దూది. ఎర్రటి దారపుపోగులు రెక్కలకు చుట్టుకుని ఉన్నాయి.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇందులోకి దూది ఎట్లొచ్చెనప్పా?"

"ఎలకలు తెచ్చి పెట్టుంటాయక్కా" అన్నాడు, బయట సందులోకి చూస్తూ.

"ఎలక దూదిని వెనక సందుల్లో వరసగా కుక్కి, పైన ఎర్రదారంతో కుట్టి పోయిందా? మీ ఇంట్లో ఎలకలకు టైలరింగు కూడా వచ్చునా?"

పక్క షాపులో టైలరు కిసుక్కుమన్నాడు. బండిలో కూర్చున్న మనుషులు నా వైపు తిరిగారు. నా నోటికి వాళ్లు కనిపించలేదు. "దీని మీద ఆడే మీ ఇంటి చిన్నాయన ఎవరో, ఆయనకు చెప్పు. ఆడుకోవడం వస్తే చాలదు, వస్తువును చూసుకోవడం కూడా రావల్ల. నేనిది ముట్టుకోను, తీసుకపో" అన్నాను.

మీసాలాయన ముఖం చిన్నబోయింది. స్టూలు మీద కూర్చుని, తల వంచుకుని, గొంతు తగ్గించి అన్నాడు. "చిన్నాయన బెంగుళూరులో చదువుతాండాడక్కా. ఇది ఈడ వదిలిపెట్టిపోయె. దీని మీద ఆడేది మా అవ్వ."

ఆయన అవ్వ అన్నది ఆయన పనిచేసే ఇంటి పెద్దకు తల్లి. జమ్మలమడుగు అవతల ఒక ఊళ్లో వాళ్లదే పెద్దిల్లు. ఆ ఇంటి పేరు చెబితే బస్సులో పక్కవాళ్లు మాట మార్చేవాళ్లు. ఆ ఇంటి అవ్వ రోజూ మధ్యాహ్నం కార్ల పందెం ఆడుతుందట. ఇంకా చెప్పాడు. ఆ అవ్వకు తోడబుట్టిన చెల్లెలు ఒకామె ఉంది. ఇద్దరూ పులివెందుల పక్క లింగాల దగ్గర పుట్టినవాళ్లు. చెల్లెల్ని వాగుకు అవతలి ఊళ్లో ఇచ్చారు. ఆ తర్వాత రెండిళ్ల మధ్యా సర్పంచి ఎలక్షన్ల గొడవలు, కేసులు, మనుషులు పోవడాలు. అక్కచెల్లెళ్లు ఒకరి గడప ఒకరు తొక్కి ఏళ్లయిపోయింది. ఇప్పుడు ఎట్లనో రెండిళ్లూ ఒకే పార్టీలోకి వచ్చి పడ్డాయి.

"వచ్చే శుక్రవారం చెల్లెలమ్మ వస్తాండాది. ఇద్దరూ కలిసి ఆడల్లని అవ్వ ఫోన్లో మాటిచ్చేసింది. పొద్దన లేస్తే అదే మాట. ఇద్దరు కూసోని ఏమన్నా మాట్లాడితే మా పెద్దాయన మీద, వాళ్ల పెద్దాయన మీద మాట వస్తాది గదా, అందుకని మాటలు వద్దు, ఆటే ఆడుకుంటాం అనింది. ఆటకు ఇద్దరు మొగోళ్లూ ఒప్పుకున్నారు. ఆట లేకుంటే ఆ రాక కూడా ఉండదక్కా."

"ఈ శుక్రవారం కాకుంటే ఇంకో శుక్రవారం రానీ."

"ఎలక్షన్లయినంక ఎవురు ఏ పార్టీలో ఉంటారో దేవునికెరుక" అన్నాడాయన.

ఆ మాట కాదనేవాళ్లు మా జిల్లాలో ఎవ్వరూ లేరు. అయినా పంతం వదల్లేదు. అది ఉండే చోటు కళ్లారా చూస్తే తప్ప స్క్రూడ్రైవరు పట్టుకోనన్నాను. మళ్లీ దూది కుక్కుతారు, మళ్లీ తెస్తారు, నేనేమన్నా వాళ్లింటి దూదేకులదాన్నా?

చూపిస్తామని ఆయన చెప్పాడు కానీ ఎప్పుడో చెప్పలేదు. ఆదివారం చర్చిలో ప్రసంగం నడుస్తుండగా గేటు దగ్గర ఆ తెల్ల బండి ఆగింది. మీసాలాయన చెప్పులు విడిచి, తలుపు దగ్గర నిలబడి, లోపలికి తొంగి చూసి, నా వైపు వేలు చూపించాడు. సంఘమంతా వెనక్కి తిరిగింది. పాస్టరుగారు వాక్యం మధ్యలో ఆపేసి, ఆపదలో ఉన్న మన సహోదరి కోసం ప్రార్థిద్దాం అన్నారు. మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "ఏం వాగినావే వాళ్లతో" అంది. గేమ్ మిషను రిపేరుకమ్మా అంటే ఒక్కరు నమ్మితే ఒట్టు. నేను బండెక్కి వెళ్లిపోతుంటే వెనక పాట మొదలైంది. అది సాధారణంగా చనిపోయినవాళ్లను మట్టి చేసేటప్పుడు పాడే పాట. నాకు దారి పొడుగునా నవ్వు ఆగలేదు.

ఆ ఇల్లు బయట ఎంత గంభీరంగా ఉన్నా లోపల వంటింట్లోంచి తిరగమాత వాసన, గిన్నెల చప్పుడు, అందరిళ్లలాగే ఉంది. వసారాలో, మిద్దె మీద కాపలా మనుషులున్నారు. కిటికీలకు ఇనుప రేకులు వేసి ఉన్నాయి. అవ్వ నడవలో పీట వేసుకుని నాకోసం కాచుకుని ఉంది. బక్కగా, పొట్టిగా, చెవులకు పెద్ద కమ్మలతో, కళ్లద్దాల్లోంచి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా మ్మే, మా వాళ్లను ఎలకల్ని చేసి తిట్టిందానివి?" అంది. అని పగలబడి నవ్వింది.

ఆమె నాకు వెంటనే నచ్చేసింది. దారిలో షాపు దగ్గర బండి ఆపించి తెచ్చుకున్న డీవీడీ ప్లేయరును వాళ్ల టీవీకి అదే వైరుతో తగిలించాను. బొమ్మ చక్కగా వచ్చింది. అంటే టీవీ బాగుంది, వైరూ బాగుంది, చెడింది మిషను పోర్టే. "చెడిపోయేముందు ఏమయ్యేదవ్వా?" అని అడిగాను.

"రెండు రకాలుగా చెడేది పాపా" అంది అవ్వ. "ఒకోసారి బొమ్మ, సప్పుడు అన్నీ ఆడికాడికి నిలబడిపోయేటివి, చేతిలో పట్టుకోని ఆడే రిమోటు సచ్చిన పాములాగా పడుండేది. ఇంకోసారి తెర నల్లగయ్యేది, సప్పుడు పోయేది, కానీ రిమోటు చేతిలో గజగజ వణుకుతాండేది. నా బండి యాడనో గోడకు కొట్టుకుంటాందని నాకు తెలుస్తాండేది, కనపడేది కాదంతే."

సంతోషం పట్టలేక ఆమె చెయ్యి పట్టుకున్నాను. మొదటిది వేడి జబ్బు, మిషనే ఆగిపోతుంది. రెండోది పోర్టు జబ్బు, మిషను లోపల ఆడుతూనే ఉంటుంది, బొమ్మా శబ్దమూ రెండూ ఆ ఒక్క వైరులోనే పోతాయి కాబట్టి టీవీకి అందవు. ఎంతమంది కుర్రవాళ్లను ఈ ప్రశ్న అడిగానో, "చెడిపోయిందక్కా" తప్ప ఇంకో ముక్క చెప్పినవాడు లేడు.

మిషను ఉండే చోటు చూపించమన్నాను. గోడలో చెక్క తలుపులున్న గూడు. ఆట ఆడేటప్పుడు కూడా వైరు పట్టేంత సందు వదిలి తలుపులు మూసేవాళ్లట. లోపల మిషను మీదికి, చుట్టూ, నాలుగు మడతల బొంత. ఎర్రదారంతో కుట్టిన పాత చీరల బొంత. చినిగిన మూలలోంచి దూది బయటికొస్తోంది.

"ఎవురు కప్పిందిది?" అన్నాను. అందరూ మీసాలాయన వైపు చూస్తున్నారు, ఆయన మిద్దె వైపు చూస్తున్నాడు.

చివరికి ఆయనే గొంతు సవరించుకున్నాడు. "నేనే అక్కా. అది అరుస్తాంటే బయట సప్పుడు వినపడదు. జీపు వస్తాందా, మనిషి వస్తాండాడా, ఏందీ తెలీదు. మా పని వినడమే గదా. అవ్వ ఆడేటప్పుడు మాకు పానం పోతాంటాది. ఆట ఆపమని చెప్పే ధైర్యం ఎవురికుండాది? నువ్వు బాగు చేసిచ్చినంక కూడా గూట్లో పెడితే మళ్లీ అరిసె, అందుకని నోరు మూయించినాం."

"పోర్టు సంగతి?"

"సందేళకు టీవీ, అదీ ఎత్తి లోపలి అర్రలో పెడతాం. ఎలక్షన్లప్పుడు రాళ్లు పడతాయి ముందర. తొందరలో వైరు ఊడబెరకడం యాడ కుదురుతాది, టీవీని ఒకరు, దీన్ని ఒకరు పట్టుకుని ఉరుకుతాం. ఒకోసారి వాడు ముందుపోతాడు, నేను ఎనకబడతా."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. అక్కడే నాపరాయి బండల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. మూసిన గూట్లో వేడెక్కి ఫ్యాను అరుస్తోంది. అరుస్తోందని బొంత కప్పారు. బొంత కప్పితే ఇంకా వేడెక్కింది, ఇంకా అరిచింది. ఇంకా అరిచిందని ఇంకో మడత వేశారు. ఊళ్లో ఎక్కడైనా మిషను మీద దుప్పటి కప్పితే దుమ్ము పడకుండా కప్పుతారు. శత్రువు అడుగుల చప్పుడు వినడానికి గేమ్ మిషను నోట్లో బొంత కుక్కిన ఇల్లు ఇదొక్కటే ఉంటుంది.

"అయ్యా, అది అరిసేది ఊపిరాడక" అని మీసాలాయనకు విడమరిచి చెప్పాను. "ఊపిరి ఆడనిస్తే అదే ఊరకుంటాది. మీరు దాని నోరు మూయబట్టే ఇంత గోల."

"అదే నేను చెప్పినా, ఎవురిన్నారు" అంది అవ్వ. ఆమె అలా చెప్పలేదని అక్కడున్న అందరి ముఖాల్లోనూ కనిపించింది.

మిషను షాపుకు తెచ్చుకున్నాను. కొత్త పోర్టు బెంగుళూరు నుంచి పార్శిల్లో రావాలి, శుక్రవారానికి రాదు. నా అటక మీద అదే రకం చచ్చిన మిషను ఒకటుంది, దాని పోర్టు బాగానే ఉంది. దాన్ని తీసి దీనికి వెయ్యాలి. పిన్నులు దువ్వెన పళ్లకన్నా దగ్గరగా ఉంటాయి. ఒకదానికొకటి అంటుకుంటే బోర్డే పోవచ్చు, అప్పుడు అవ్వకు ఆటా లేదు, చెల్లెలూ లేదు. మామూలుగా అలాంటివి నా లెన్సుతోనే అతికించేదాన్ని. ఆ పూట అది చాలదనిపించింది. రెండిళ్ల మగవాళ్లు కలిసి ఒప్పుకున్న ఒకే ఒక్క విషయం నా బల్ల మీద ఉంది మరి.

ముందు వీధిలో ఉంగరాలకు రాళ్లు పొదిగే ముసలాయన దగ్గరికెళ్లి ఆయన భూతద్దం స్టాండు అడిగాను. అది తనకు పెళ్లాంతో సమానమని, ఎవరికీ ఇవ్వనని అన్నాడు. ఇది ఫలానా అవ్వ కోసం మామా అని ఉన్నదంతా చెప్పాను. ఆయన స్టాండు తనే మోసుకొచ్చి, నా పక్కన స్టూలేసుకుని, దీపం పట్టుకుని కూర్చున్నాడు. బోర్డును కింద నుంచి కాస్త వేడి చేసి, సీసం బాగా కరిగేందుకు ఫ్లక్స్ రాసి, పైనుంచి వేడిగాలి పట్టాను. పాత పోర్టు సీసం కరగ్గానే మెత్తగా లేచి వచ్చింది. రాగి అల్లికతో మిగిలిన సీసం పీల్చి, చచ్చిన మిషనులోంచి తీసిన పోర్టు కూర్చోబెట్టి, ముందు దాని లోహపు కాళ్లు నాలుగూ గట్టిగా అతికించి, తర్వాత పిన్నులు ఒక్కొక్కటే అతికించాను. ముసలాయన దీపం ఇంకాస్త దగ్గరికి పట్టాడు. మీటరుతో పక్కపక్క పిన్నులు అంటుకోలేదని చూసుకుని, దూది ఏరి, దుమ్ము దులిపి, పేస్టు మళ్లీ రాసి బిగించాను. తెర మీద బొమ్మ వచ్చింది. వైరును అటూ ఇటూ కదిపితే చెక్కుచెదరలేదు. "నవరత్నాలు పొదిగినప్పుడు కూడా ఇంత భయపడలేదు పాపా" అన్నాడాయన. ఇద్దరం టీ తాగాం. పక్క టైలరు కూడా తాగాడు, ఎందుకో.

శుక్రవారం మధ్యాహ్నం నేనే మిషను తీసుకుని ఆ ఇంటికి వెళ్లాను. నడవలో తగిలించి ఆట పెట్టగానే మిద్దె మీదినుంచి కాపలా మనిషి వంగి, "ఇంకా బాగు కాలేదా, సప్పుడే లేదు" అని అడిగాడు. మీసాలాయన వెనక సందుల దగ్గర తన అరచెయ్యి పెట్టి చూసి, "వస్తాందిరా గాలి, వస్తాంది" అని పైకి చెప్పాడు.

గూట్లో పెట్టొద్దు, గట్టి బల్ల మీద పెట్టి చుట్టూ జానెడు జాగా వదలండి చాలు అని నేను చెప్పడం, అప్పుడే ఆ ఇంటి పెద్దాయన లోపలికి రావడం ఒకేసారి జరిగాయి. ఫోటోల్లో చూసిన మనిషే. ఆయన రాగానే నవ్వులు ఆగిపోయాయి. అవ్వ మాత్రం కొడుకును చూసి, ఏమీ ఎరగనట్టు, "వసారాలో పెట్టల్లంట నాయనా" అంది.

"వసారాలోనా? అక్కడ కూసుంటే వీధికంతా కనపడతావు గదమ్మా."

"నేనేం జేసేది? మిషనుకు గాలి కావల్లంట. పాప చెప్తాంది. చదువుకున్న పిల్ల."

పెద్దాయన నా వైపు తిరిగాడు. తప్పు మాట వింటే దిద్దకుండా ఉండలేను నేను. నోరు తెరిచాను. అవ్వ కళ్లద్దాల పైనుంచి నన్నే చూస్తోంది. ఆ ఇనుప రేకుల కిటికీలు, ఆ నడవ, ఆ గూడు, ఒక్కసారిగా అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఎన్నేళ్లుగా ఈమె వీధి చూడలేదో అనిపించింది.

"అవునన్నా" అన్నాను. "శానా గాలి కావల్ల."

ఆయన తల్లి వైపు తిరిగాడు. "నీకు ఈ బుద్ధులు యాడివమ్మా" అని, తనే టీవీకి ఒక పక్క చెయ్యి వేశాడు. వైరు ముందు ఊడదీసి తర్వాత ఎత్తాలని మీసాలాయన ఆయనకు నేర్పించాడు. అవ్వ వెనకాలే పీట పట్టుకుని, కొత్త పెళ్లికూతురిలా వసారాలోకి నడిచింది. వీధిలో పోతున్న ఒకామె నెత్తిమీది పచ్చగడ్డి మోపుతోనే ఆగిపోయి, "అవ్వా, బాగుండావా" అని అడిగింది. "బాగుండాను మ్మే, నువ్వు ఇంత పెద్దదానివైతివా" అంది అవ్వ. వసారాలో రాతిదుమ్ము ఎక్కువ పడుతుందని నేను మెల్లగా గొణిగితే, రోజూ నేనే తుడుస్తాను పో అని కసిరింది.

చెల్లెలు వచ్చింది. ముందొక బండి, వెనకొక బండి. దిగిన మనుషులు వసారాకు ఒక పక్కన, ఈ ఇంటి మనుషులు ఇంకో పక్కన, మధ్యలో టీవీ. మెడలో అందరికీ ఒకే రంగు కండువాలే, చూపులు మాత్రం పాతవే. చెల్లెలు అక్కకన్నా లావుగా, పొడుగ్గా ఉంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఏడుస్తూనే, "ఏందే ఇట్ల ఎండిపోయినావు" అని ఆమె, "నా వంతు కూడా నువ్వే తింటివి గదా" అని ఈమె. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఎవరూ సరిగా తినలేదు. అవ్వ అప్పటికే చెల్లెలి చేతిలో రిమోటు పెట్టేసింది.

తెర రెండుగా చీలింది. పైన అవ్వ కారు, కింద చెల్లెలి కారు. జెండా ఊపగానే అవ్వ కారు దూసుకుపోయింది. చెల్లెలి కారు నేరుగా పోయి గోడకు కొట్టుకుంది. వెనక్కి వచ్చి మళ్లీ అదే గోడకు కొట్టుకుంది. "ఈ రిమోటు బాగలేదక్కా" అంది చెల్లెలు. "ఆడలేక మద్దెల ఓడనిందంట" అంది అవ్వ. ఆ పక్క మనుషుల్లో ఒకడు నవ్వాడు. ఈ పక్కవాళ్లు వాడి వైపు చూశారు, తర్వాత వాళ్లూ నవ్వారు. నేను మాత్రం తెర చూడటం లేదు. మిషను వెనక చెయ్యి పెట్టి కూర్చున్నాను. వెచ్చటి గాలి ధారగా వస్తోంది. ఫ్యాను గుసగుసలాడుతోంది, అంతే. ఎంత నిశ్శబ్దమంటే దూరంగా రోడ్డు మీద ఏదో ఇంజను చప్పుడు వినిపించి రెండు పక్కలవాళ్లూ ఒకేసారి లేచి నిలబడ్డారు. పాలవ్యాను. రెండు పక్కలవాళ్లూ ఒకేసారి కూర్చున్నారు.

అవ్వ అందరికన్నా ముందుంది. ఇంకో రెండు మలుపులు తిరిగితే గెలిచేది. హఠాత్తుగా కారు రోడ్డు పక్కకు తీసి ఆపేసింది. మిగతా కార్లు రయ్యిన దాటిపోతున్నాయి. మిషను మళ్లీ బిగుసుకుందనుకున్నాను. చూస్తే చెట్లు కదులుతున్నాయి. అవ్వే ఆపింది.

"పోవే అక్కా, గెలుస్తాండావు గదా" అంది చెల్లెలు.

"నువ్వు రాకుండా నేనొక్కదాన్నే పోయి ఏం జేసేది? ఇన్నేండ్లూ ఒక్కదాన్నే గదా పోయింది. రా. ఎడంపక్క గుండ్రంది నొక్కు. అట్ల కాదు. ఆ, అట్ల."

చెల్లెలి కారు గోడలకు రాసుకుంటూ, కంచెలు విరగ్గొట్టుకుంటూ, ఎప్పటికో వచ్చి అవ్వ కారు వెనక ఢీకొని ఆగింది. రెండు రిమోట్లూ ఒకేసారి వణికాయి, ఇద్దరూ ఒకేసారి కెవ్వుమని నవ్వారు. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కనే పోయారు. టైము అయిపోయిందని, మీరు ఓడిపోయారని తెర మీద పడింది. చదవడం రాక కాదు, ఇద్దరూ పట్టించుకోలేదు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ ఓడిపోయారు. మాటలు వద్దనుకున్న ఇద్దరూ కళ్లు తెర మీది నుంచి తియ్యకుండానే ఎవరికి మనవడు పుట్టాడో, ఎవరికి మోకాళ్లు నొస్తున్నాయో, లింగాలలో చీనీ బత్తాయి చెట్లు ఎన్ని ఎండిపోయాయో అన్నీ చెప్పుకుంటున్నారు. పెద్దాయన స్తంభానికి ఆనుకుని నిలబడి వింటున్నాడు. ఒక్కసారి కూడా ఆపమనలేదు.

పొద్దు వాలుతోంది. వాగు దాటి చీకటి పడకముందే ఇల్లు చేరాలని ఒప్పందమట. చెల్లెలి మనుషుల్లో పెద్దవాడు రెండుసార్లు దగ్గాడు. మీసాలాయన గడియారం చూసుకున్నాడు. "ఇంకొక్కటి" అంది చెల్లెలు. ఆ ఒక్కటీ అయిపోయింది. "ఇంకొక్కటి" అంది అవ్వ. ఏ కేసుకూ, ఏ కోర్టుకూ భయపడని మనుషులు రెండు పక్కలా అంతమంది ఉండి, ఆ ఇద్దరినీ లేపే ధైర్యం ఒక్కడికీ లేదు.

కాసేపటికి మీసాలాయనా, ఆ పక్క పెద్దమనిషీ ఒకరి వెనక ఒకరు నా దగ్గరికి వచ్చారు. "నువ్వడుగప్పా" అన్నాడు ఆ పక్క మనిషి. నాకు తెలిసి వాళ్లిద్దరి మధ్యా అదే మొదటి మాట. "నువ్వే అడుగన్నా, మీకే గదా దూరం" అన్నాడు మీసాలాయన. ఇద్దరూ కాసేపు తోసుకున్నాక మీసాలాయన నా చెవి దగ్గరికి వంగాడు.

"అక్కా, మునుపు కాసేపు ఆడితేనే బిగుసుకపోతాండె గదా. ఇప్పుడు ఎంతసేపటికి బిగుసుకుంటాది?"

నేను మిషను వెనకనుంచి చెయ్యి తీశాను. వసారాలో నవ్వులు మళ్లీ గొల్లుమన్నాయి, ఇద్దరూ ఈసారి కలిసి ఏ చెట్టుకో గుద్దినట్టున్నారు.

"ఇంక బిగుసుకోదప్పా" అన్నాను. "కూసోండి."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, దగ్గర్లో ఉన్న ఒకే ఒక్క బల్ల మీద, చెరో కొసనా కూర్చున్నారు.